ఇంట్లో ఆరేసిన బట్టలకు పులిసిన వాసన: కోనసీమ ముసురు లెక్క మాంచెస్టర్‌లో పనికిరాదు

ప్రశ్న: అమలాపురం నుంచి వచ్చి మాంచెస్టర్‌లో ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో దిగామండి. బాల్కనీ లేదు, డ్రయ్యర్ లేదు. స్టాండు మీద ఆరేస్తే రెండు రోజులకు గానీ ఆరడం లేదు, ఆరాక పులిసిన వాసన. బయట ఎప్పుడూ వానే కాబట్టి కిటికీలు మూసే ఉంచుతున్నాం. సబ్బు పౌడరు మార్చాం, ఇంకాస్త ఎక్కువ వేశాం. లాభం లేదు.

జవాబు: తప్పు పౌడరుది కాదండి, ఆ రెండు రోజులది. ఎంత ఉతికినా బట్ట పోగుల్లో కొంత బ్యాక్టీరియా మిగిలే ఉంటుంది. వాటిలో మొరాక్సెల్లా అనే రకం, బట్టలో మిగిలిన చెమట, ఒంటి జిడ్డు తిని వాసనగల ఆమ్లం వదులుతుంది. తడి ఉన్నంతసేపూ అది పెరుగుతూనే ఉంటుంది. రాత్రి ఆరేసినవి పొద్దున్నకి ఆరిపోతే దానికి వ్యవధి చాలదు. పౌడరు ఎక్కువ వేస్తే ఇంకా చెడ్డ. జాడింపులో పోని సబ్బు పోగుల్లో పేరుకుని జిడ్డును పట్టి ఉంచుతుంది, నురగ ఎక్కువైతే మెషీను స్పిన్ కూడా సరిగా తిరగదు.

ఇక కిటికీ సంగతి. మన వైపు శ్రావణంలో ముసురు పట్టినప్పుడు తలుపులు వేసుకోవడం సబబే. 28 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీరు అప్పటికే ఉంటుంది. ఇంకో రెండు మూడు గ్రాములకు మించి అది పట్టదు. మాంచెస్టర్ చలికాలం వేరు. 7 డిగ్రీల దగ్గర అదే 90 శాతం తేమ అంటే ఘనపు మీటరుకు 7 గ్రాములే. ఆ గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 40 శాతానికి దిగుతుంది. అంటే చినుకులు పడుతున్నా సరే, బయటి గాలే మీ బట్టలకు పొడి గాలి. మీరు మూసేస్తున్నది దాన్నే.

ఒక వాయి బట్టలతో లెక్క చూద్దాం. పొడిగా ఉన్నప్పుడు నాలుగు కిలోల నూలు బట్టలు: రెండు జీన్సులు, నాలుగు చొక్కాలు, రెండు తువ్వాళ్లు, లుంగీ, బనీన్లు. 800 స్పిన్ పెడితే వాటిలో మూడు లీటర్లకు కాస్త తక్కువగా నీరు మిగులుతుంది. 1400 పెడితే సుమారు రెండు లీటర్లు. పది అడుగుల గది తలుపులు మూస్తే అందులోని గాలి తాగగలిగేది మాత్రం ఒక గ్లాసుడు. ఆ గ్లాసు నిండాక బట్టలు ఆరడం ఆగిపోయి, కిటికీ అద్దం మీద నీళ్లు కారడం మొదలవుతుంది. రెండు లీటర్లు పోవాలంటే ఆ గదిలో గాలి రాత్రంతా మారుతూనే ఉండాలి.

కాబట్టి ముందు స్పిన్. ఉతుకు అయ్యాక నీళ్లు లేకుండా స్పిన్ ఒక్కటే ఇంకోసారి 1400లో పెట్టండి. పది నిమిషాల పని, గంటలు మిగులుతాయి. ఊళ్లో సెమీ ఆటోమేటిక్ వాడినవాళ్లకు ఇది తెలిసిందే, స్పిన్ టబ్బులోంచి తీసిన బట్ట సగం ఆరినట్టే ఉంటుంది. తేడా నమ్మకం కుదరకపోతే విమానానికి సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా, బట్టల సంచీని దానికి తగిలించి స్పిన్‌కు ముందు, తర్వాత తూచి చూడండి. నాలుగు కిలోల బట్టలు ఏడు కిలోల దగ్గర తూగితే స్పిన్ సరిగా పడలేదని అర్థం. ఎక్కువసార్లు కారణం ఒక్కటే: దుప్పటి లాంటి బరువైనది ఒక్కటే వేస్తే తడిసి ఒకవైపు ముద్దవుతుంది, డ్రమ్ము అదురుతోందని మెషీనే వేగం తగ్గించుకుంటుంది. దానికి తోడు రెండు తువ్వాళ్లు వేయండి. బందార్లంక చీరల్లాంటి నేత నూలువి 600 దాటించకండి, మడత ముడతలు పోవు. ఉప్పాడ జరీ చీర అసలు మెషీను దగ్గరికే తీసుకెళ్లకండి.

స్పిన్ అయిన వెంటనే తీసేయాలి. రాత్రి వేసి పొద్దున్న తీస్తే వాసన డ్రమ్ములోనే పుడుతుంది. ఆఫీసుకెళ్లే ముందు వేసేట్టయితే, మీరు ఇంటికొచ్చే వేళకు పూర్తయ్యేలా టైమరు పెట్టుకోండి.

ఆరేయడంలో అందరూ చేసే పొరపాటు కుక్కడం. బట్టకూ బట్టకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. స్టాండులో ఒక కమ్మీ వదిలి ఒక కమ్మీ వాడండి. తువ్వాలును ఒకే కమ్మీ మీద మడతేస్తే రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుని మధ్యలో చెమ్మ నిలుస్తుంది, రెండు కమ్మీల మీదుగా గుడారంలా పరవండి. జీన్సు తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుం దగ్గర గుండ్రంగా తెరుచుకునేలా మూడు నాలుగు క్లిప్పులు పెట్టండి. చొక్కాలు హ్యాంగర్ల మీద, గుండీలు పెట్టకుండా. స్టాండు చాలకపోతే సగం వాయే ఉతకండి, అంతకంటే ఉపాయం లేదు.

ఇప్పుడు గాలి. మీకు బాత్రూమే మంచి చోటు. గోడకో సీలింగుకో ఉన్న ఎగ్జాస్టు ఫ్యాను మామూలుగా గంటకు 50 ఘనపు మీటర్ల గాలి బయటికి లాగుతుంది. ఆ గాలి ఘనపు మీటరుకు అయిదు గ్రాములు మోసుకుపోయినా ఎనిమిది గంటల్లో రెండు లీటర్లు. మీ వాయికి సరిగ్గా సరిపోతుంది. ముందు జాలీకి టిష్యూ కాగితం ఆనించి చూడండి, అంటుకుని నిలిస్తే ఫ్యాను పనిచేస్తున్నట్టు. జారిపోతే జాలీకి దుమ్ము పట్టి ఉంటుంది. బాత్రూమ్ తలుపు మూసి, కింద వేలెడు సందు ఉండనివ్వండి. హాల్లో కిటికీ పైభాగాన ఉండే సన్నటి జారుడు పట్టీ తెరవండి, బయటి గాలి అటునుంచి వచ్చి ఇటు పోవాలి. చిన్న టేబుల్ ఫ్యాను కూడా పెడితే, దాన్ని మొదటి బట్ట ముఖం మీదికి కాకుండా, వరసల మధ్య సందుల్లోంచి గాలి దూరేలా పక్కనుంచి, కాస్త కింద నుంచి తిప్పండి. నీరు దిగేది కింది అంచులకే.

హీటరు మీద తడి బట్ట పరచకండి. బట్ట ఒకవైపే ఎండుతుంది, గది వేడెక్కదు. డీహ్యూమిడిఫయర్ కొనుక్కుంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు కిటికీలు మూయాలి. లేకపోతే అది ఊరందరి తేమా పీలుస్తూ కూర్చుంటుంది.

ఇప్పటికే వాసన పట్టినవి ఈ పద్ధతికి లొంగవు. ఆరినప్పుడు ఏమీ ఉండదు, చెమట తగలగానే మళ్లీ లేస్తుంది. అలాంటి నూలు బట్టలను లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల్లో ఆక్సిజన్ బ్లీచ్ పౌడరు వేసి ఒకసారి ఉతకాలి. కంఫర్టు లాంటివి వేస్తే వాసన మీద వాసన పూసినట్టే, పైగా తువ్వాళ్లు నీళ్లు పీల్చవు.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకూ, ఆగస్టులో గల్ఫ్ తీరాన ఉన్నవాళ్లకూ కిటికీ సలహా వర్తించదు. అక్కడి గాలి మన అమలాపురం గాలి లాంటిదే, కిటికీ మూసి ఏసీ, ఫ్యాను రెండూ వేయండి. ఊళ్లో అమ్మగారికి చెప్పాలంటే: స్పిన్ రెండుసార్లు, ఎడం ఎక్కువ, సీలింగు ఫ్యాను కింద దండెం, ఫ్యాను అయిదులో.