సిగ్నల్ లేని ఊళ్లో వేసిన హాజరును నమ్మేదెలా?

*మా సోలార్ పంపుల టెక్నీషియన్లు పాడేరు, చింతపల్లి వైపు ఊళ్లలో తిరుగుతుంటారు. ఒక్కో సైటు చుట్టూ 50 మీటర్ల హద్దుగా జియోఫెన్స్ పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్లో హాజరు వేయిస్తున్నాం. సిగ్నల్ లేక పడలేదని కొందరంటారు. ఇంటి దగ్గరి నుంచే వేస్తున్నారని కొందరి మీద మాకు అనుమానం. ఎలా తేల్చుకోవాలి?*
*– ఓ పాఠకుడు, విశాఖపట్నం*

ముందు ఆ 50 మీటర్లను 150 చేయండి. కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ ఇచ్చే సూచన కూడా. కొండ పక్కన, చెట్ల కింద జీపీఎస్ పదుల మీటర్లు పక్కకు జరగడం మామూలే.

జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. కాకపోతే నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు క్షణాల్లో దిగుతాయి. లేకపోతే ఫోన్ వాటిని ఉపగ్రహాల నుంచే అందుకోవాలి, దానికి ఒకటి రెండు నిమిషాలైనా పట్టవచ్చు. మీ యాప్ 10 సెకన్లు చూసి ‘లొకేషన్ దొరకలేదు’ అంటుంటే తప్పు మనిషిది కాదు. కనీసం 2 నిమిషాలు ఆగేలా మార్పించండి. షెడ్డులో కాకుండా ఆకాశం కనిపించే చోట నిలబడి నొక్కమని సిబ్బందికి చెప్పండి.

నెట్ లేనప్పుడు హాజరు ఫోన్లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు వెళ్లాలి. ఇక్కడ ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు, దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పగలరు. ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి ఎంతసేపైందో లెక్కపెట్టే `elapsedRealtime()` మాత్రం గడియారం మార్చినా మారదు. లెక్క ఇదీ:

```
check_in = server_time - (elapsed_sync - elapsed_checkin)
```

మధ్యాహ్నం 2:40కి సర్వర్‌కు చేరింది, నొక్కి 5 గంటల 35 నిమిషాలైంది అనుకుందాం. అసలు సమయం 9:05. ఫోన్ 8:30 అని చెబుతుంటే గడియారాన్ని ఎవరో కదిపారు, లేదా అది తప్పుగా నడుస్తోంది. మధ్యలో ఫోన్ రీస్టార్ట్ అయితే ఈ లెక్క పనిచేయదు, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఫోన్ ఎన్నిసార్లు ఆన్ అయిందో లెక్కపెట్టే `BOOT_COUNT` విలువను కూడా దాచమనండి. అది మారితే ఆ హాజరును మనిషి చూసి తేల్చాలి.

ఇక అనుమానాల సంగతి. దూరం ఒక్కటే చూస్తే నిజాయతీపరులే ఎక్కువ దొరుకుతారు. ప్రతి లొకేషన్‌తోపాటు ఫోన్ ‘యాక్యురసీ’ అని మరో అంకె ఇస్తుంది. అది మీటర్లలో ఉండే ఓ వృత్తం. మనిషి అందులో ఉండే అవకాశం 68 శాతమే. సైటుకు 210 మీటర్ల దూరంలో హాజరు పడింది, యాక్యురసీ 90 అనుకోండి. 210లోంచి 90 తీసేస్తే 120, అంటే 150 మీటర్ల ఫెన్స్ లోపల ఉండి ఉండవచ్చు. ఒప్పుకోండి. దూరం 2,400 మీటర్లు, యాక్యురసీ 12 అయితే అడగాల్సిందే. యాక్యురసీయే 2,000 ఉంటే ఆ రీడింగ్‌తో ఏమీ తేలదు. అప్పుడు యాప్ పర్మిషన్లలో `Use precise location` ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి దాన్ని ఆపేసే వీలుంది, చాలామంది తెలియకుండానే ఆపేస్తారు.

ఇంకో చిక్కు, పాత లొకేషన్. కొన్ని యాప్‌లు కొత్త రీడింగ్ కోసం ఆగకుండా ఫోన్లో మిగిలిన చివరిదాన్నే పంపేస్తాయి. సైటులో నొక్కిన మనిషి ఇంట్లో ఉన్నట్లు పడేది ఇలాగే. 38 కిలోమీటర్ల దూరంలోని రెండు సైట్లలో 12 నిమిషాల తేడాతో ఒకరి హాజరు పడిందంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం. ఘాట్ రోడ్డు మీద అది జరిగే పని కాదు. అయినా ముందు రెండు రీడింగులూ ఎప్పటివో చూడండి. నిమిషం దాటిన రీడింగును యాప్ తీసుకోకుండా చేస్తే ఈ గొడవలు చాలావరకు ఉండవు.

దొంగ లొకేషన్ యాప్ వాడితే `isMock()` పట్టిస్తుంది, కానీ రూట్ చేసిన ఫోన్లలో దాన్ని దాచేయవచ్చు. అక్కడ అక్షాంశ, రేఖాంశాల అంకెలే చూడాలి. అసలైన జీపీఎస్ రోజూ కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆరో దశాంశ స్థానమంటే నేల మీద సుమారు 11 సెంటీమీటర్లు. యాక్యురసీ 5 అని చూపిస్తూ వారమంతా ఆరు దశాంశాల వరకు ఒకే అంకె వస్తే అది చేత్తో పెట్టినదే అనుకోవచ్చు.

ఇవేవీ ఫోన్లోనే హాజరును తిరస్కరించేందుకు వాడకండి. ప్రతి హాజరునూ తీసుకుని, తేడా ఉన్నవాటికి కారణంతో సహా గుర్తు పెట్టి సూపర్‌వైజర్‌కు చూపించండి. ఆయన ఆ రోజు పంపు కంట్రోలర్ రీడింగ్‌తోనో, రైతు సంతకంతోనో సరిచూశాకే జీతం కోత మాట.