పండగ లేనివారిని మందలించడం ఎలా?

సందేహం: మా ఆఫీసులో పక్క సీటు స్నేహితురాలు ఏ పండగా చేసుకోదు. కారణం నేను అడగలేదు. ‘పండగ శుభాకాంక్షలు’ అంటే నవ్వి ఊరుకుంటుంది. ఏమీ అనకపోతే నాకే వెలితిగా ఉంటుంది. ‘సెలవుదిన శుభాకాంక్షలు’ అనవచ్చా? ఇంకేదైనా మంచి తెలుగు మాట ఉందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ‘సెలవుదిన శుభాకాంక్షలు’ మాత్రం వద్దమ్మా. పెద్దలు ‘సెలవిస్తారు’, మనం వాళ్ల దగ్గర ‘సెలవు తీసుకుంటాం’, సభ చివర ‘ఇక సెలవు’ అంటాం. ఆ మాటకు శుభాకాంక్షలు తగిలిస్తే రిటైరయ్యే మనిషి మెడలో దండ వేసినట్టుంటుంది. ‘హ్యాపీ హాలిడేస్’ ఇంగ్లీషువాళ్లకు అమరిందని మనకూ అమరాలని లేదు.

అసలు చిక్కు సెలవులో లేదు, శుభాకాంక్షల్లో ఉంది. ఆకాంక్ష అంటే కోరిక. అది చెప్పేవారి కోరిక, దాని ముందు ఒక సందర్భం ఉండి తీరాలి. ఉగాది, పెళ్లి, పుట్టినరోజు, కొత్త ఇల్లు, ఏదో ఒకటి. ఉత్త మంగళవారానికి శుభాకాంక్షలు చెప్పగలమా? (ఈమధ్య నా ఫోనుకు ‘శుభ మంగళవారం’ కూడా వస్తోంది, గులాబీ పువ్వుతో సహా. ఏం చేస్తాం!) మీ స్నేహితురాలికి ఆ సందర్భమే లేదు కాబట్టి శుభాకాంక్షలకు ఆనుకునే గోడ లేకుండా పోయింది. మీకు కావలసింది పండగ లేకపోయినా నిలబడే మాట.

అలాంటి మాట మీ ఊళ్లోనే ఉంది. దాన్ని నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి.

కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి నల్లకుంటలో ఒక వాటాలో దిగాను. నెల తిరిగాక ఇంటి యజమానురాలు నీళ్ల పంపు దగ్గర నన్ను ఆపి, ‘ఏం సారూ, వచ్చి నెలాయె, ఒక్కసారన్న మందలియ్యకపోతిరి’ అంది. నేను బిత్తరపోయాను. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మందలింపు ఒక్కటే, అది మాస్టారు చేసేది. లెక్క తప్పితే మందలించేవారు, కొట్టేవారు కాదు. అద్దెకున్నవాడు ఇంటావిడను ఎందుకు మందలించాలి? ఆవిడేం తప్పు చేసింది? రెండు రోజులు టెన్షన్ పడి చివరికి ఆఫీసులో ఒక కరీంనగర్ మిత్రుణ్ణి అడిగాను. ఆయన పడీ పడీ నవ్వి, ‘పలకరించడం లేదని అలిగిందయ్యా’ అన్నాడు.

తెలంగాణలో మందలించడమంటే పలకరించడం, యోగక్షేమాలు కనుక్కోవడం. దవాఖానలో ఉన్నవాణ్ణి మందలించి వస్తారు. చుట్టం ఇంటి ముందు నుంచి పోతూ మందలించకపోతే అది పెద్ద తప్పు. ఇక ‘మందల’ అంటే సంగతి, సమాచారం. ‘ఏం మందల?’ అనే ప్రశ్న అటు నెల్లూరులో కూడా ఇప్పటికీ వినబడుతుంది. అంటే ఇది ఒక మూలకు పరిమితమైన మాట కాదు. మిగతా కోస్తాలో మేమే మందలను పోగొట్టుకుని మందలింపును మాత్రం బెత్తంలా పట్టుకున్నాం.

సంగతి అడగడం చీవాట్లు ఎలా అయింది? నా ఊహ ఒకటుంది, ఒప్పుకోమని పట్టుబట్టను. ‘నిన్న గట్టిగా అడిగేశాను’ అంటే తిట్టాననే కదా అర్థం! ‘ఏంటి సంగతి?’ అని కనుబొమలు ఎగరేస్తే పిల్లవాడు తడబడతాడు. అడగడంలోనే నిలదీయడం దాగి ఉంది. ఒక సీమలో మందలించడం మెత్తగా అడగడం దగ్గర ఆగిపోయింది, మరో సీమలో నిలదీసేదాకా వెళ్లింది. మాట ఒకటే, మారింది గొంతు.

మీకు పనికొచ్చేది ఆ మెత్తటి రకం. శుభాకాంక్ష ఎదుటివారికి ఏదో ఇస్తుంది, వాళ్లు పుచ్చుకోక తప్పదు, తిరిగి ‘మీకు కూడా’ అనక తప్పదు. మీ స్నేహితురాలి నవ్వు ఆ ఇబ్బందిలోంచి వచ్చిందే కావచ్చు. మందలింపు ఏమీ ఇవ్వదు, అడిగి ఊరుకుంటుంది. జవాబుగా ఆవిడ తలనొప్పి గురించి చెప్పుకోవచ్చు, కరెంటు బిల్లు గురించి చెప్పుకోవచ్చు.

కుశలం, క్షేమం కూడా ఈ కోవలోవే, కానీ వాటికి పాత మరకలున్నాయి. బ్రాహ్మణుణ్ణి కుశలమా అని, క్షత్రియుణ్ణి అనామయమా అని, వైశ్యుణ్ణి క్షేమమా అని, శూద్రుణ్ణి ఆరోగ్యమా అని అడగాలని మనుస్మృతి రెండో అధ్యాయం కులాల వారీగా పంచిపెట్టింది. పలకరింపులోనే ఎదుటివాడు ఎవరో తేల్చేయడమన్నమాట. మన ఉత్తరాలు ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని అందరికీ ఒకే మాట రాసి ఆ పంపకాన్ని చెరిపేశాయి. తెలుగువాళ్లు చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఇక మీ వాక్యం. సంక్రాంతి ముందు రోజు సాయంత్రం సిస్టమ్ కట్టేసి ఇద్దరూ లేస్తున్నారనుకోండి. ‘రేపు మన పండగ కదా’ అనకండి. తెలుగులో ‘మన’ అన్నామంటే ఎదుటివారిని కూడా అందులో కలిపేసినట్టే. ‘మా’ అంటే ఆమెను బయట ఉంచుతుంది, కానీ ఇక్కడ అదే మర్యాద. ‘రేపు మా ఇంట్లో పండగ, అరిసెల పనితో నా నడుం విరుగుతుంది. నీ సంగతేంటి, ఈ మూడు రోజులూ ఊళ్లోనే ఉంటావా?’ ఇందులో మీ పండగను దాచలేదు, ఆమెకు అంటగట్టనూ లేదు. అడిగింది సెలవు గురించి, సెలవు మాత్రం ఇద్దరికీ ఉంది.

‘నువ్వు పండగ చేసుకోకపోయినా సరే, హ్యాపీగా ఉండు’ అనే వాక్యం మంచి మనసుతోనే వస్తుంది గానీ ఆ ‘పోయినా’ దెబ్బతీస్తుంది. ఆవిడ చేయని పనిని వేలెత్తి చూపి, ఆపైన క్షమించినట్టుంటుంది. ‘తప్పకుండా రావాలి’ అనే పిలుపూ అంతే. ‘ఆలి’ చేరిందంటే విధి అయిపోతుంది. ‘వీలుంటే రా’ అని ఒక్కసారి అని, రెండోసారి గుర్తు చేయకండి. అరిసెలు తెస్తే ‘ఇంట్లో చేశాం, తింటావా?’ అని అడగండి. దేవుడి దగ్గర పెట్టినవైతే ఆ మాట ముందే చెప్పండి. ప్రసాదం తీసుకోనివాళ్లు ఉంటారు, తిన్నాక తెలిస్తే ఇద్దరికీ బాగుండదు.

కారణం అడగకపోవడం మంచి పని చేశారు. మతం కావచ్చు, నమ్మకం లేకపోవచ్చు, ఇంట్లో ఎవరో పోయిన ఏడు కావచ్చు. ‘ఈ ఏడు మాకు పండగ లేదు’ అనే వాక్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. అది విన్నాక శుభాకాంక్షలు చెప్పే మొరటువాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ ఇంట్లో కాసేపు కూర్చుని ‘భోజనాలయ్యాయా?’ అని అడిగి వస్తాం. ఆ పద్ధతే ఇక్కడికీ తెచ్చుకోవచ్చు.

అయితే ‘శుభాకాంక్షలు’ పూర్తిగా మానేయండని నేను తీర్పు చెప్పను. ఆవిడకు ప్రమోషనొస్తే నిక్షేపంగా చెప్పండి. (ప్రమోషన్ వచ్చేసినవారికి చెప్పాల్సింది అభినందనలు అని ఎవరైనా పట్టుకుంటే, వారిదే రైటు.)

మీ స్నేహితురాలిది ఏ జిల్లానో రాయలేదు. తెలంగాణో, నెల్లూరో అయితే ‘ఏం మందల?’ అని మెసేజ్ పెట్టండి. మా వైపు మనిషయితే మాత్రం ‘నిన్ను మందలిద్దామని వచ్చాను’ అనకండి, రేపటి నుంచి సీటు మార్చుకుంటుంది.