వాపసు సరుకును ఏ ధరకు రాయాలి?

ప్రశ్న: వర్తకపు డిస్కౌంటుతో కొన్న సరుకులో కొంత తిప్పి పంపితే పుస్తకాల్లో ఎంత రాయాలి? నగదు డిస్కౌంటు కూడా అలాగేనా?

డిస్కౌంటు పోగా మిగిలిన ధరకే రాయాలి. విజయనగరంలోని ఒక కొట్టు బుడితి వ్యాపారి దగ్గర ఇత్తడి బిందెలు 20 అరువుకు కొన్నదనుకుందాం. జాబితా ధర ఒక్కోటి రూ.1,000, వర్తకపు డిస్కౌంటు 10 శాతం. ఈ డిస్కౌంటు బిల్లులోనే తీసివేస్తారు, దానికి ఖాతా ఉండదు. కొనుగోలు పుస్తకంలో పడేది రూ.18,000 మాత్రమే. (జీఎస్టీని ఇక్కడ పక్కన పెట్టాను.)

రెండు బిందెలు సొట్టపడి వచ్చాయి. డెబిట్ నోటు రాసి తిప్పి పంపారు. కొట్టు చిట్టాలో:

బుడితి వ్యాపారి ఖాతా డెబిట్ 1,800
కొనుగోలు వాపసుల ఖాతా క్రెడిట్ 1,800

చాలామంది ఇక్కడే 2,000 రాసేస్తారు. అప్పుడు వ్యాపారి లెక్కకూ మన లెక్కకూ సరిగ్గా 200 తేడా వస్తుంది. ఆ తేడా తీసివేయని డిస్కౌంటే.

వ్యాపారి తన వైపు అమ్మకాల వాపసుల ఖాతాను డెబిట్ చేసి, కొట్టు ఖాతాను క్రెడిట్ చేస్తాడు.

నగదు డిస్కౌంటు వేరు. గడువులోగా చెల్లించినందుకు 2 శాతం ఇస్తే, మిగిలిన బాకీ 16,200 మీద 324 వస్తుంది. చెల్లించిన రోజున వ్యాపారి ఖాతాను 16,200కు డెబిట్ చేసి, నగదును 15,876కు, వచ్చిన డిస్కౌంటు ఖాతాను 324కు క్రెడిట్ చేయాలి.