ఫ్రిజ్‌లో పెట్టిన అన్నానికి కేలరీలు ఎంత తగ్గించి రాసుకోవాలి?

ప్రశ్న: అన్నం, బంగాళాదుంపలు వండి ఫ్రిజ్‌లో పెట్టి తింటే రెసిస్టెంట్ స్టార్చ్ తయారవుతుందట, కేలరీలు సగమే లెక్కేసుకోవచ్చంటున్నారు. నేనూ అలా తగ్గించి రాసుకోవచ్చా?

వద్దండీ, మామూలు అన్నానికి రాసినంతే రాయండి. నేను కొన్నేళ్లుగా తిండి తూచి లెక్క రాసుకుంటున్నాను, వారానికి సరిపడా అన్నం ఒకేసారి వండి ఫ్రిజ్‌లో పెట్టే అలవాటూ ఉంది. అందుకే దీన్ని కాస్త లోతుగానే చూశాను.

రెసిస్టెంట్ స్టార్చ్ తయారయ్యే మాట నిజమే. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు గొలుసులు చల్లారేటప్పుడు మళ్లీ దగ్గరగా పేరుకుంటాయి. వాటిలో అమైలోజ్ అనే రకం గొలుసులు కట్టిన గట్టి స్ఫటికాలు మామూలుగా వేడిచేసినా కరగవు, చిన్నపేగులో అరగవు; అదే రెసిస్టెంట్ స్టార్చ్. సందేహమంతా అది ఎంత తయారవుతుందన్న దగ్గరే. 2015లో వెలువడిన ఒక ఇండోనేషియా అధ్యయనంలో అప్పుడే వండిన 100 గ్రాముల తెల్లన్నంలో 0.64 గ్రాములు ఉంటే, 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములు ఉంది. అంటే పెరిగింది ఒక్క గ్రాము. ఆ గ్రాము కూడా పూర్తిగా వృథా పోదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే, గ్రాముకి మామూలుగా వచ్చే 4 కేలరీల్లో దాదాపు 2 మనకే చేరతాయి. కాబట్టి 130 కేలరీల అన్నంలో తగ్గేది రెండే. బంగాళాదుంపలోనూ తేడా ఇంచుమించు ఇంతే.

లెక్క అసలు తప్పేది తూకంలో. 75 గ్రాముల బియ్యం వండితే సుమారు 210 గ్రాముల అన్నం అవుతుంది, అందులో దాదాపు 270 కేలరీలు. ఫ్రిజ్‌లో ఆరి, మళ్లీ వేడిచేసేటప్పుడు ఆవిరి పోయి అది 190 గ్రాములకి దిగిందనుకోండి. పోయింది నీళ్లే, కేలరీలు అలాగే ఉన్నాయి. కానీ వేడిచేశాక తూచి 100 గ్రాములకి 130 చొప్పున వేస్తే 247 వస్తుంది, 23 తక్కువ. రెసిస్టెంట్ స్టార్చ్ వల్ల నిజంగా తగ్గేది అందులో 4. పైగా రెండూ ఒకే వైపు లాగుతాయి కాబట్టి అనుమానం కూడా రాదు. ఈ చిక్కు లేకుండా నేను బియ్యాన్నే వండకముందు తూచి రాసుకుంటాను, తర్వాత అన్నాన్ని వాటాలుగా పంచుకుంటాను.

చక్కెర సంగతి వేరు. అదే అధ్యయనంలో చల్లార్చి వేడిచేసిన అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుదల కొంత తక్కువగా కనిపించింది. మీకు కావాల్సింది అదైతే ఈ పద్ధతి వాడి చూడొచ్చు. కాకపోతే అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేసి చల్లార్చకండి. పలుచగా పరిచి, గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదిలితే, ఆ తర్వాత ఎంత వేడిచేసినా అది పోదు.