రోషీ చంద్రుణ్ణి పేల్చిన లెక్క ఎందుకు తేలదు?

“డ్రాగన్ బాల్ కథలో మాస్టర్ రోషీ చంద్రుణ్ణే పేల్చేశాడు కదా, అయితే అతనికన్నా బలమైనవాళ్లంతా గ్రహాలు పేల్చగలిగినట్టేనా? పవర్ స్కేలింగ్ లెక్క అసలు ఎలా కడతారు, ఎప్పటికీ ఎందుకు తేలదు?”

పవర్ స్కేలింగ్ అంటే కథల్లోని పాత్రల బలాన్ని లెక్కగట్టి పోల్చడం. ముందు తెరమీద కనిపించిన ఒక పని, అంటే ఒక ఫీట్ తీసుకుని, దానికి ఎంత శక్తి కావాలో భౌతికశాస్త్రంతో లెక్కగడతారు. తర్వాత “ఇతను అతన్ని ఓడించాడు కాబట్టి ఇతనికీ కనీసం అంత శక్తి ఉంది” అంటూ గొలుసు కడతారు. పేచీ ఎక్కువగా ఈ గొలుసు దగ్గరే.

డ్రాగన్ బాల్‌నే చూడండి. 21వ యుద్ధకళల టోర్నమెంట్‌లో రోషీ కామెహమెహా అనే శక్తి కిరణంతో చంద్రుణ్ణి పేల్చాడు. ముక్కలు మళ్లీ ఒకచోట చేరకుండా చెదరగొట్టాలంటే 3GM²/5R సూత్రం ప్రకారం దాదాపు 1.2 × 10²⁹ జౌళ్లు కావాలి. భూమికైతే దానికి సుమారు 1,800 రెట్లు. ఆ తర్వాత బుల్మా దగ్గరున్న, బలాన్ని అంకెల్లో చూపే స్కౌటర్‌లో రోషీ అంకె 139గా కనిపిస్తుంది. అంకె పెరిగినంతే శక్తీ పెరుగుతుందనుకుంటే, భూమిని పేల్చడానికి దాదాపు రెండున్నర లక్షలు ఉండాలి.

కానీ విలన్‌గా వచ్చిన వెజీటా 18,000 అంకెతోనే గాలిక్ గన్ అనే తన శక్తి కిరణాన్ని ఎక్కుపెట్టి, భూమిని దుమ్ము చేస్తానంటాడు. పద్నాలుగు రెట్ల తేడా! దీన్ని సర్దడానికి ఒకరు “అంకెలకూ శక్తికీ నేరు నిష్పత్తి లేదు” అంటారు. ఇంకొకరు “అది వెజీటా మాట మాత్రమే, చేసి చూపించలేదు” అంటారు. రోషీ సంఘటనే లెక్కలోంచి తీసేయాలనేది మూడో వాదన. నాకు ఈ మూడోదే బలహీనంగా తోస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత పికోలో కూడా చంద్రుణ్ణి పేల్చాడు.

పైగా ఆ 139 రోషీ ఊరికే నిలబడి ఉన్నప్పటిది. రాడిట్జ్ అనే విలన్‌తో పోరులో కథానాయకుడు గోకూ అంకె 416 నుంచి కామెహమెహా సిద్ధం చేస్తుండగా 924కి ఎగబాకింది. అంటే ఏ క్షణంలో కొలిచారన్నదాన్ని బట్టే లెక్క రెండింతలకు పైగా మారిపోతుంది.

గొలుసు తెగేది కూడా ఇలాంటి చోటే. గోకూ తన బలాన్ని కాసేపు పెంచే కైయోకెన్ విద్యను నాలుగు రెట్లకు పెంచి గాలిక్ గన్‌ను వెనక్కి నెట్టాడు. దాన్నిబట్టి “గోకూ వెజీటాకన్నా బలవంతుడు” అని రాసేస్తారు. నిజానికి ఆ బలం కొన్ని క్షణాలే నిలిచింది, ఆ దెబ్బకి అతని ఒళ్లు హూనమైంది. పైగా వెజీటా ఇంకా ఓజారు అనే రాకాసి కోతి రూపంలోకి మారలేదు. ఏ రూపంలో, ఎంతసేపు, ఏ స్థితిలో గెలిచాడో రాయకుండా గొలుసులో లంకె వేస్తే, దాని మీద కట్టిన పోలికలన్నీ తప్పుతాయి.

అందుకే వాదన మొదలుపెట్టేముందు ఇద్దరూ రెండు సంగతులు తేల్చుకోవాలి: కథలో పాత్రలు చెప్పుకున్న మాటల్ని ఒప్పుకుంటారా, గైడ్‌బుక్కుల అంకెల్ని ఒప్పుకుంటారా? చివరి రూపంలో విలన్ ఫ్రీజా అంకె 12 కోట్లు అన్నది గైడ్‌బుక్కు మాట. దాన్ని ఒకరు తీసుకుని మరొకరు వదిలేస్తే, ఇద్దరూ వేర్వేరు ఫ్రీజాల గురించి కొట్టుకుంటున్నట్టే.