గడ్డి ఉన్న ట్రే, లేని ట్రే

ప్రశ్న: కనిగిరి వైపు ఎర్రనేల వానకి ఎందుకు కొట్టుకుపోతుంది? పరీక్షలో ప్రయోగం ఎలా రాయాలి?

రెండు ట్రేల్లో అదే ఎర్రమట్టి నింపి, ఒకదానిలోనే గడ్డి పెంచండి. రెండిటినీ ఒకే వాలులో పెట్టి, ఒకే ఎత్తునుంచి జల్లుడబ్బాతో అర లీటరు చొప్పున నీళ్లు పోయండి. జారిన నీటిని ఒకే సైజు గ్లాసుల్లో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, అడుగున పేరిన మట్టిని స్కేలుతో కొలవచ్చు. గడ్డి లేని ట్రేదే ఎక్కువ.

చినుకు దెబ్బకి మట్టి చితికి, సన్నని రేణువులు పైరంధ్రాలను మూసేస్తాయి. ఇంకని నీళ్లు పైమట్టిని లాక్కుపోతాయి. ఆకులు ఆ దెబ్బ కాచుకుంటాయి, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. పొలంలో అయితే వాలుకి అడ్డంగా దున్ని, గట్లు వేస్తారు.

వాలు మారిందా, తేడా దేనివల్లో చెప్పలేం. మార్కులు పోయేది అక్కడే. సముద్రతీరంలోని కొత్తపట్నం ఇసుకకి మాత్రం ఈ జవాబు రాయొద్దు. అక్కడ నీళ్లు ఇట్టే ఇంకుతాయి, ఇసుకని ఎత్తుకుపోయేది ఎక్కువగా గాలి. ఒడ్డున సరుగుడు వేసేది అందుకే.