ఆస్ట్రేలియా యాస: ఒక్కరిని కాదు, పలువురిని వినండి

బీకాం పూర్తిచేసి ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్‌లో చేరాను. ఆస్ట్రేలియా కస్టమర్ల మాక్ కాల్స్ సగం అర్థం కావడం లేదు. రోజూ ఒక ఆస్ట్రేలియన్ యూట్యూబ్ ఛానల్ చూస్తున్నా, కొత్త గొంతు వినగానే మళ్లీ టెన్షన్. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

చిక్కు ఆ ఒక్క ఛానల్‌లోనే ఉందమ్మా. మీ చెవికి ఆ మనిషి అలవాటయ్యాడు, యాస అలవాటు కాలేదు. 2008లో బ్రాడ్లో, బెంట్ అనే పరిశోధకులు చైనా యాస ఇంగ్లిష్‌తో దీన్నే పరీక్షించారు. ఒక్కరి మాటలే విన్నవాళ్లకు ఆ ఒక్కరే బాగా అర్థమయ్యారు. పలువురిని విన్నవాళ్లకు అదే యాసలో మాట్లాడే కొత్త మనిషి కూడా అర్థమయ్యాడు. కాబట్టి యాస ఒకటే ఉంచి, మనుషుల్ని మార్చండి.

accent.gmu.edu అనే సైట్‌లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వారి స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్ ఉంది. అందులో అందరూ చదివేది ఒకటే పేరా, 69 మాటలు. ఆస్ట్రేలియాలో పుట్టినవాళ్లను నలుగురైదుగురిని, ఆడా మగా, వేర్వేరు వయసులవాళ్లను ఎంచుకోండి. మాటలు ముందే తెలుసు కాబట్టి మీ ధ్యాసంతా శబ్దం మీదే ఉంటుంది. ‘ట్రెయిన్ స్టేషన్’ కొందరి నోట ‘ట్రైన్ స్టైషన్’కు దగ్గరగా, ‘స్నేక్’ ‘స్నైక్’లా వినిపిస్తాయి. కస్టమర్ ఈమెయిల్ ఐడీలో ‘ఎ’ అక్షరం చెబితే మీరు ‘ఐ’ టైప్ చేసేది ఇందుకే. యాస ఎంత గాఢమన్నది మనిషిని బట్టి మారుతుంది. అందుకే కాల్ మొదట్లో ఆయన ‘నేమ్’, ‘టుడే’ ఎలా అన్నారో గమనిస్తే, తర్వాత వచ్చే అక్షరాన్ని ఎలా పట్టుకోవాలో తెలిసిపోతుంది.

చదివిన పేరా శుభ్రంగా ఉంటుంది, కస్టమర్లు అలా మాట్లాడరు. అందుకే తర్వాత ఆస్ట్రేలియా ఏబీసీ రేడియోలో రాతప్రతి ఉన్న ఇంటర్వ్యూలకు వెళ్లండి. రోజుకో కొత్త మనిషి, అర నిమిషం ముక్క చాలు. విన్నది రాయండి, మళ్లీ విని దిద్దండి, ఆ తర్వాతే రాతప్రతితో పోల్చండి. తప్పిన ప్రతి మాట దగ్గరా ఒకటి తేల్చుకోండి: ఆ మాటే తెలియదా, తెలిసిన మాటను గుర్తుపట్టలేదా? మొదటిదైతే అర్థం నేర్చుకోవాలి. రెండోదైతే అదే శబ్దాన్ని ఇంకో ఇద్దరి నోట వినాలి.

వీడియోలు చూస్తే సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లోనే పెట్టుకోండి. 2009లో నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనంలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కొత్త యాసను పట్టుకోవడానికి సాయపడ్డాయి. మాతృభాష సబ్‌టైటిల్స్ ఆ పని చేయలేదు. చెవి విన్న శబ్దం ఏ మాటదో ఇంగ్లిష్ అక్షరాలు చూపిస్తాయి, మాతృభాషవి అర్థం మాత్రమే చెబుతాయి.

ఒక్క విషయంలో మాత్రం సాధన పెద్దగా పనిచేయదు. మామూలు ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని మోస్తుంది. ‘ఎస్’నీ ‘ఎఫ్’నీ వేరుచేసే సన్నని శబ్దం చాలావరకు దానికి పైనే ఉండిపోతుంది. అక్కడ ఊహించి టైప్ చేయకండి. ‘ఎస్ ఫర్ సియెరా?’ అని అడిగి ఖాయం చేసుకోండి. ‘ఎ’, ‘ఐ’ల దగ్గరా అంతే, ‘ఎ ఫర్ ఆల్ఫా?’ అనండి.